‘పాస్‌వర్డ్ తప్పు’ అన్న జవాబు ఎక్కడి నుంచి వస్తుంది?

కొత్త బ్రాడ్‌బ్యాండ్ లైను పడ్డాక రౌటరు తెర మీద `Authentication failed` అని కనిపిస్తే, చాలామంది ముందు వైర్లు ఊడదీసి మళ్ళీ గుచ్చుతారు. తర్వాత కరెంటు ఆపి వేస్తారు. అదీ పనిచేయకపోతే లైను బాగోలేదని ఆపరేటరుకు ఫోను చేస్తారు. ఈ అధ్యాయంలో నేను చెప్పబోయేది దీనికి దాదాపు వ్యతిరేకం. ఆ మాట నిజంగా అవతలి వైపు నుంచే వచ్చిందైతే, మీ ఇంటి నుంచి కంపెనీ యంత్రం దాకా దారి బాగున్నట్టు అంతకన్నా గట్టి రుజువు దొరకదు. జవాబు రావాలంటే మీ ప్రశ్న అక్కడికి చేరి ఉండాలి, వాళ్ళ మాట తిరిగి ఇక్కడికి రాగలగాలి. అయితే ఆ జవాబుకు ఒక పరిమితి ఉంది. లాగిన్ ఏ మెట్టు దగ్గర ఆగిందో అది చెబుతుంది గాని, తప్పు యూజర్‌నేమ్‌లో ఉందా, పాస్‌వర్డ్‌లో ఉందా, లేక కంపెనీ పుస్తకాల్లో మీ ఖాతాలోనే ఉందా అన్నది చెప్పదు. ఆ జవాబు చెప్పేదేమిటో, చెప్పనిదేమిటో విడదీసి చూడగలిగితే, రోజంతా తిరిగే సమస్య చాలాసార్లు ఒక ఫోను కాల్‌తో తీరిపోతుంది.

అసలు నెట్ లైనుకు యూజర్‌నేమ్ ఎందుకు? కరెంటు మీటరుకు గాని కుళాయికి గాని పాస్‌వర్డ్ లేదు కదా అని ఎవరైనా అడగవచ్చు. దీనికి జవాబు డయలప్ రోజుల్లో ఉంది. అప్పట్లో మోడెం ఫోను నంబరు తిప్పి కంపెనీతో మాట కలిపేది. ఆ సంభాషణకు వాడిన పద్ధతి పేరు పీపీపీ. ఎవరు వచ్చారో గుర్తించడం, ఐపీ అడ్రసు ఇవ్వడం అందులోనే జరిగేవి, ఎంతసేపు వాడారో లెక్క రాయడానికీ అదే ఆధారంగా ఉండేది. తర్వాత లైను ఎప్పుడూ తెరిచే ఉండే బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. అందులో వందల ఇళ్ళు ఒకే ఈథర్నెట్ వల మీద కూర్చుంటాయి. ఈథర్నెట్‌కు ఖాతాదారు ఎవరో తెలియదు, డబ్బు లెక్కా తెలియదు. కంపెనీల దగ్గర లాగిన్ సర్వర్లు, బిల్లింగ్ వ్యవస్థ అన్నీ పీపీపీకి అలవాటు పడి ఉన్నాయి. అందుకని పాత పీపీపీనే ఈథర్నెట్ మీద ఎక్కించి నడిపించారు. అదే పీపీపీఓఈ. దాని నియమాలను 1999 ఫిబ్రవరిలో ఆర్ఎఫ్‌సీ 2516 అనే పత్రంగా ప్రచురించారు. నేటి ఫైబర్ లైనుకూ చాలా కంపెనీలు దాన్నే కొనసాగిస్తున్నాయి కాబట్టే, కొత్త లైను వేసిన కుర్రాడు ఒక చీటీ మీద యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రాసి ఇచ్చి వెళ్తాడు.

ఇప్పుడు లాగిన్ ఎలా జరుగుతుందో మెట్లుగా చూద్దాం, ఎందుకంటే వాదనంతా ఈ మెట్ల మీదే నిలబడుతుంది. రౌటరు మొదట వల మొత్తానికీ వినబడేలా ‘సేవ ఇచ్చేవాళ్ళు ఎవరున్నారు’ అని ఒక ప్యాకెట్ వదులుతుంది. దాన్ని పాడీ అంటారు. కంపెనీ వైపు ఈ పని చూసే పెద్ద యంత్రం పేరు బ్రాస్. అది ‘నేనున్నాను’ అని పాడో పంపుతుంది. ‘అయితే నీతోనే మాట్లాడతాను’ అని రౌటరు పాడార్ పంపితే, బ్రాస్ ఒక సెషన్ నంబరు కేటాయించి పాడ్స్ పంపుతుంది. ఇంతవరకు యూజర్‌నేమ్ ప్రస్తావనే రాలేదన్నది గమనించాలి. ఆ తర్వాత ఇద్దరూ ఎంత పొడవు ప్యాకెట్లు పంపుకోవాలి, గుర్తింపు ఏ పద్ధతిలో చూడాలి అన్న ఒప్పందానికి వస్తారు. దీనికి ఎల్‌సీపీ అని పేరు. అది కుదిరాకే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌ల పరీక్ష మొదలవుతుంది. అందులో గట్టెక్కితే చివరి మెట్టులో ఐపీ అడ్రసు వస్తుంది.

కాబట్టి పాస్‌వర్డ్ తప్పు అన్న జవాబు వచ్చిందంటే అంతకుముందు మెట్లన్నీ దాటినట్టే. ఫైబర్ విరగలేదు. ఓఎన్‌టీ డబ్బా మీద లాస్ లైటు ఎర్రగా వెలగడం లేదు. దారిలో ఉన్న ఓఎల్‌టీ మిమ్మల్ని గుర్తించింది. వీలాన్ నంబరు సరిపోయింది. బ్రాస్ పలికింది, సెషన్ నంబరు కూడా ఇచ్చింది. లాన్ వైరు మార్చినా, రౌటరును కిటికీ దగ్గరికి జరిపినా, వైఫై పేరు మార్చినా ఈ తప్పు పోకపోవడానికి కారణం అదే. అవన్నీ దాటేసిన మెట్లకో, దీనితో సంబంధమే లేని భాగాలకో చెందినవి.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. రౌటరు తెర మీది మాటను అంతగా నమ్మవచ్చా? నమ్మకూడదు. చవక రౌటర్లలో చాలావాటికి ఏ మెట్టులో ఆగినా ‘యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సరిచూసుకోండి’ అని ఒకే మాట చూపించే అలవాటు ఉంది. అది సర్వరు ఇచ్చిన జవాబు కాదు, రౌటరు వేసుకున్న ఊహ. అందుకే ముందు పేజీలో కనిపించే ఎర్ర అక్షరాలను వదిలి, సిస్టం లాగ్ తెరవాలి. లైనక్స్ మీద నడిచే రౌటర్లలో ఈ పనిని చాలావరకు పీపీపీడీ అనే ప్రోగ్రామే చేస్తుంది. బ్రాస్ అసలు పలకనప్పుడు దాని లాగ్‌లో ఇలా ఉంటుంది:

```
Timeout waiting for PADO packets
Unable to complete PPPoE Discovery
```

బ్రాస్ పలికి, పేరు అడిగి, కాదన్నప్పుడు ఇలా ఉంటుంది:

```
PPP session is 1187
CHAP authentication failed
```

మొదటి రకం కనిపిస్తే పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. ఆ పాస్‌వర్డ్ ఇల్లు దాటనేలేదు. వీలాన్ నంబరు తప్పయి ఉండవచ్చు, ఓఎన్‌టీ నమోదు కాకపోయి ఉండవచ్చు, లేదా ఓఎన్‌టీ తానే రౌటరులా పనిచేస్తూ మీ రౌటరు ప్యాకెట్లను బయటికి వదలకపోయి ఉండవచ్చు. రెండో రకంలో 1187 అన్నది ఈ ఉదాహరణకు వేసుకున్న సెషన్ నంబరు. ఏదో ఒక నంబరు వచ్చిందంటేనే బ్రాస్ పలికిందని అర్థం. అలాంటి లాగ్ కనిపించినప్పుడే నా వాదన వర్తిస్తుంది. విండోస్ కంప్యూటరుతో నేరుగా డయల్ చేసేవాళ్ళకు ఈ తేడా అంకెల్లో తెలుస్తుంది. అవతలి నుంచి పలుకే రాకపోతే ఎక్కువగా 651 వస్తుంది, గుర్తింపు కుదరకపోతే 691 వస్తుంది.

సరే, అవతలి వాళ్ళు కాదన్నారు. మరి ఏది తప్పో వాళ్ళే చెప్పవచ్చు కదా? ఎన్నో అక్షరం తప్పిందో చెబితే సరిచేసుకుంటాం కదా? చాలామందికి ఇది కంపెనీ మొండితనంలా అనిపిస్తుంది గాని, ఇందులో మొండితనం కన్నా గణితం ఎక్కువ ఉంది. చాప్ అనే పద్ధతిలో మీ పాస్‌వర్డ్ లైను మీద ప్రయాణించనే ప్రయాణించదు. బ్రాస్ ప్రతిసారీ ఒక కొత్త యాదృచ్ఛిక సంఖ్యను సవాలుగా పంపుతుంది. రౌటరు ఒక చిన్న గుర్తు సంఖ్యను, తన దగ్గరున్న పాస్‌వర్డ్‌ను, ఆ సవాలును ఒకదాని పక్కన ఒకటి పేర్చి, ఎండీ5 అనే లెక్కలో వేసి, వచ్చిన 16 బైట్ల ఫలితాన్ని మాత్రం యూజర్‌నేమ్‌తో కలిపి పంపుతుంది. కంపెనీ సర్వరు తన దగ్గర రాసి పెట్టుకున్న పాస్‌వర్డ్‌తో అదే లెక్క చేస్తుంది. రెండు ఫలితాలూ ఒకటైతే లోపలికి, లేకపోతే బయటికి. 1996లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1994 చెప్పే పద్ధతి ఇదే.

ఎండీ5 స్వభావం ఎలాంటిదో దగ్గరగా చూస్తే సర్వరు నిస్సహాయత అర్థమవుతుంది. సవాలు సంఖ్యను పక్కన పెట్టి, ఒక మాటను మాత్రం ఆ లెక్కలో వేద్దాం. మొదటి అక్షరం ఒకసారి పెద్దది, ఒకసారి చిన్నది:

```
Password  dc647eb65e6711e155375218212b3964
password  5f4dcc3b5aa765d61d8327deb882cf99
```

తేడా ఒకే ఒక్క అక్షరం, అదీ పెద్దా చిన్నా మాత్రమే. ఫలితాలు చూస్తే ఒకదానికొకటి ఏ చుట్టరికమూ లేనట్టున్నాయి. ‘దాదాపు సరిపోయింది’ అనే స్థితి ఈ లెక్కలో లేదు. చివర ఒక ఖాళీ స్థలం ఎక్కువ పడినా, పాస్‌వర్డ్ మొత్తం వేరే మాట అయినా సర్వరుకు కనిపించేది ఒకటే, సరిపోలని 16 బైట్లు. ఎన్నో అక్షరం తప్పిందో అది చెప్పాలనుకున్నా చెప్పలేదు. యూజర్‌నేమ్ మాత్రం ఏ మరుగూ లేకుండా వెళ్తుంది కాబట్టి అలాంటి ఖాతా ఉందో లేదో సర్వరుకు తెలుసు. కాని ఆ సంగతి బయటికి చెబితే, పేర్లు ఒక్కొక్కటే వేసి చూసేవాడికి ఏ పేర్లు నిజమైనవో తెలిసిపోతుంది. అందుకని రెండు సందర్భాలకూ ఒకే తిరస్కారం పంపడం రివాజు. తిరస్కారంతో పాటు నాలుగు మాటలు రాసి పంపడానికి చాప్‌లో చోటు ఉంది. మైక్రోసాఫ్ట్ తయారుచేసిన మరో రకం చాప్‌లో ఖాతా ఆపేస్తే 647, పాస్‌వర్డ్ గడువు తీరితే 648, గుర్తింపే కుదరకపోతే 691 అని అంకెలే ఏర్పరిచారు. ఈ ఏర్పాటును కంపెనీలు ఇంకా బాగా వాడుకోవాలని నాకనిపిస్తుంది. ఖాతా ఇంకా మొదలుకాలేదన్న ఒక్క ముక్క చెప్పినా ఎంతోమందికి అవస్థ తప్పేది.

కొన్ని కంపెనీలు ఇప్పటికీ పాప్ అనే పాత పద్ధతి వాడతాయి. అందులో పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టే బ్రాస్ దాకా వెళ్తుంది. అప్పుడు సర్వరు అక్షరాలు పోల్చి చూడగలదు గాని, మీ రౌటరుకు వచ్చే జవాబు మాత్రం మళ్ళీ ఒకటే.

ఈ ఒకే జవాబు వల్ల మనిషి ఆలోచన ఎలా దారి తప్పుతుందో ఒక ఉదాహరణలో చూద్దాం. తెనాలిలో ఒక ఇంటికి కొత్త ఫైబర్ లైను పడిందనుకోండి. చీటీ మీద యూజర్‌నేమ్ `tnl0172` అని, కింద ఎనిమిది అక్షరాల పాస్‌వర్డ్ చేత్తో రాసి ఉన్నాయి. కంపెనీ సర్వరులో ఉన్న అసలు పేరు `tnl0172@fiber.example`. వెనక తోక ఆ కంపెనీ కస్టమర్లందరికీ ఒకటే కాబట్టి లైను వేసిన మనిషి రాయలేదు. అది అందరికీ తెలిసిందేనని అతని లెక్క. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ లైన్ల యూజర్‌నేమ్ చివర `@ftth.bsnl.in` ఉండడం చూసినవాళ్ళకు ఈ తోక పరిచయమే. ఏ కంపెనీ, ఏ సర్వీసు అన్నది సర్వరు దాన్ని బట్టే పోల్చుకుంటుంది. ఇది మొదటి తప్పు. ఇక రెండోది. ఇంటివాళ్ళు రౌటరు పేజీని ఫోన్లో తెరిచి పాస్‌వర్డ్ కొట్టారు. మొదటి అక్షరం పొరపాటున పెద్దది పడింది. గడిలో చుక్కలే కనిపిస్తాయి కాబట్టి ఎవరూ గమనించలేదు.

మొదటి ప్రయత్నంలో తిరస్కారం. పొరుగింటివాళ్ళను అడిగితే పేరు చివర తోక ఉండాలన్నారు. అది చేర్చారు. మళ్ళీ అదే తిరస్కారం. ఇప్పుడు ఇంటివాళ్ళు ఏమనుకుంటారు? తోక చేర్చినా మార్పు లేదు కాబట్టి సమస్య తోకది కాదనుకుని దాన్ని తీసేస్తారు. ఆ తర్వాత పాస్‌వర్డ్‌ను శ్రద్ధగా, ఈసారి సరిగ్గా కొడతారు. మళ్ళీ అదే తిరస్కారం. రెండూ విడివిడిగా సరిచేసి చూశారు, రెండూ పనిచేయలేదు, కాబట్టి తప్పు లైనుదేనన్న తీర్మానానికి వస్తారు. బ్యాంకు లాకరుకు రెండు తాళంచెవులు కావాలి. ఒకటి సరైనదీ ఒకటి తప్పుదీ పెట్టినా, రెండూ తప్పువే పెట్టినా తలుపు ఒకేలా బిగుసుకుని ఉంటుంది. ఒక దిద్దుబాటు వల్ల మార్పు రాలేదంటే ఆ దిద్దుబాటు తప్పని అర్థం కాదు. సరైనదని తేలిన భాగాన్ని మళ్ళీ కదపకుండా ఉంచుకుంటేనే రెండో భాగం సంగతి తెలుస్తుంది. అందుకు యూజర్‌నేమ్‌ను పాస్‌వర్డ్‌తో నిమిత్తం లేకుండా విడిగా నిర్ధారించుకునే మార్గం కావాలి.

ఆ మార్గం కంపెనీ దగ్గర ఉంది. రౌటరు పంపిన యూజర్‌నేమ్ వాళ్ళ రేడియస్ సర్వరు లాగ్‌లో అక్షరం అక్షరం నమోదయ్యేలా చేసుకోవచ్చు, చాలామంది చేసుకుంటారు కూడా. అందువల్ల ఫోను చేసినప్పుడు ‘నెట్ రావడం లేదు’ అంటే సరిపోదు. ‘ఇప్పుడే ప్రయత్నించాను, మీ సర్వరులో తిరస్కరించిన లాగిన్ కనబడుతోందా? ఏ పేరుతో వచ్చింది? కారణం ఏమని రాసింది?’ అని అడగాలి. పేరు `Tnl0172` అని వచ్చిందో, చివర ఖాళీ ఉందో, తోక ఉందో లేదో అక్కడ కళ్ళ ముందు కనిపిస్తుంది. అంకె సున్నాకు బదులు ఓ అక్షరం పడినా, ఒకటికి బదులు ఎల్ పడినా ఆ పేరుతో ఖాతా లేదని తేలిపోతుంది. ప్రయత్నమే నమోదు కాలేదంటే అదీ ఒక సమాచారమే. మీ ప్యాకెట్ ఇంకా ముందు మెట్టులోనే ఆగింది, లేదా వేరే బ్రాస్ దగ్గరికి వెళ్తోంది.

పేరు తేలాక పాస్‌వర్డ్‌ను వెతకడం అనవసరం, మార్పించడమే మేలు. చాప్ అయితే మీరు ఏం కొట్టారో వాళ్ళు చూడలేరు. ఫోనులో ఒక్కో అక్షరం చెప్పించుకుంటే ఎమ్‌కూ ఎన్‌కూ, బీకీ డీకీ మధ్య మళ్ళీ పొరపాటు పడుతుంది. ఫోను లైనులో ఉండగానే కొత్త పాస్‌వర్డ్ పెట్టమని, దాన్ని మెసేజ్‌గా పంపమని అడిగితే సందేహం రెండు వైపులా ఒకేసారి పోతుంది. చిన్న అక్షరాలు, 2 నుంచి 9 వరకు అంకెలు మాత్రమే వాడితే చాలు. అలా చేస్తే పాస్‌వర్డ్ బలహీనపడదా అని అనుమానం రావచ్చు. బలం ఎక్కువగా పొడవు నుంచి వస్తుంది. చదవడానికి కష్టమైన ఎనిమిది గుర్తుల కన్నా, తేలిగ్గా చదవగల పన్నెండు అక్షరాల యాదృచ్ఛిక కూర్పు గట్టిది. కొట్టేటప్పుడు గడి పక్కనున్న కన్ను గుర్తు నొక్కి అక్షరాలు కనబడేలా చేసుకోవాలి. సేవ్ చేశాక ఆ పేజీ మళ్ళీ తెరిచి చూడాలి. బ్రౌజరు తన దగ్గర దాచుకున్న రౌటరు అడ్మిన్ పాస్‌వర్డ్‌ను ఈ గడిలో తానే నింపేయడం తరచుగా జరిగే సంగతి. చుక్కల వెనక అది తెలియదు.

ఇంతా చేసి, పేరు సరే, పాస్‌వర్డ్ సరే, అయినా తిరస్కారమే వస్తే? అది అసాధ్యమేమీ కాదు. సర్వరు చూసేది ఆ రెండింటినే కాదు. కొత్త లైనులో ఎక్కువగా ఎదురయ్యేది, వైరు ఈ రోజు వేసినా ఖాతాను బిల్లింగ్‌లో ఇంకా తెరవకపోవడం. ఇంకొకటి, మొదట తగిలించిన డబ్బా మ్యాక్ అడ్రసుకు ఖాతాను కట్టేయడం. లైను వేసినతను తన ల్యాప్‌టాప్‌తో పరీక్షించి వెళ్ళి ఉంటే మీ రౌటరు పరాయిదవుతుంది. మూడోది ఒక ఖాతాకు ఒకే సెషన్ అనే నియమం. ఓఎన్‌టీలో లైను వేసినతను ఇప్పటికే అదే యూజర్‌నేమ్ పెట్టి ఉంటే, మీరు కొన్న రౌటరు కూడా దానితోనే డయల్ చేస్తే, వెనక వచ్చినది బయటే ఉండిపోతుంది. అప్పుడు ఓఎన్‌టీలో ఆ కనెక్షన్ తీసేసి బ్రిడ్జి మోడ్‌లోకి మార్చాలి, లేదా మీ రౌటరులో పీపీపీఓఈ మానేసి ఆటోమేటిక్ ఐపీ పెట్టుకోవాలి. రౌటరు కరెంటు హఠాత్తుగా పోయినా పాత సెషన్ బ్రాస్ దగ్గర కాసేపు బతికే ఉంటుంది. అవతలి నుంచి పలుకు రావడం లేదని బ్రాస్ గ్రహించేదాకా కొత్త లాగిన్‌ను తోసిపుచ్చవచ్చు. మాటిమాటికీ ఆపి వేయడం కన్నా రౌటరును ఓ పది నిమిషాలు ఆపి ఉంచి ఒక్కసారి ప్రయత్నించడం మంచిదనడానికి కారణం ఇదే.

తప్పు రౌటరుదో ఖాతాదో తేల్చడానికి ఓఎన్‌టీ బ్రిడ్జి మోడ్‌లో ఉన్నప్పుడు ఒక పరీక్ష పనికొస్తుంది. రౌటరు తీసేసి, ల్యాప్‌టాప్‌ను లాన్ వైరుతో నేరుగా ఓఎన్‌టీకి కలిపి, విండోస్‌లోని బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్‌లో అదే పేరు, అదే పాస్‌వర్డ్ కొట్టి చూడాలి. నెట్ వస్తే రౌటరులో దాచిన అక్షరాల్లోనో, మ్యాక్ అడ్రసులోనో తేడా ఉంది. ఇక్కడా 691 వస్తే రౌటరు మీద నేరం పోయినట్టే గాని, ల్యాప్‌టాప్ మ్యాక్ వేరు కాబట్టి, ఖాతాను మ్యాక్‌కు కట్టారా అన్నది కంపెనీని అడిగాకే ఆ మాట గట్టిగా అనాలి.

చివరగా, నా వాదన ఎక్కడితో ఆగుతుందో కూడా చెప్పాలి. కొన్ని కంపెనీలు డబ్బు కట్టని ఖాతాను, ఒక్కోచోట తప్పు పాస్‌వర్డ్‌తో వచ్చినవాళ్ళను కూడా తిరస్కరించవు. లోపలికి రానిచ్చి, ఐపీ అడ్రసు ఇచ్చి, ఏ సైటు తెరిచినా తమ రీఛార్జి పేజీకే మళ్ళిస్తాయి. అప్పుడు రౌటరు కనెక్ట్ అయినట్టే చూపుతుంది, లాగ్‌లో గుర్తింపు కుదిరినట్టే ఉంటుంది. అలాంటి లైనులో తిరస్కారం కోసం వెతికితే దొరకదు. బ్రౌజరులో ఏ పేజీ తెరుచుకుంటోందో చూసి, ఆ సెషన్‌ను ఏ ప్లాను కింద నమోదు చేశారని కంపెనీని అడగాలి.